ఉత్తర సముద్రంలో జర్మనీ వాటా: ఒప్పందానికీ ఆచారానికీ తేడా ఎక్కడ బయటపడుతుంది

ప్రశ్న: "అంతర్జాతీయ న్యాయస్థానం స్టాట్యూట్ ఆర్టికల్ 38లో ఒప్పందాలు ముందు రాశారు, ఆచారం తర్వాత రాశారు. అంటే ఒప్పందానిదే పైచేయా? మరి సంతకం పెట్టని దేశాన్ని కూడా ఆచారం కట్టేస్తుందంటారు, అలాగైతే ఆచారమే పెద్దది కదా? రెండూ చదివి బుర్ర తిరుగుతోంది సార్. ఒక కేసు పట్టుకుని చెప్పగలరా?"

ముందు ఆ వరస సంగతి తేల్చేద్దాం. కోర్టు చట్టాన్ని ఏ మూలాల నుంచి తీసుకోవాలో చెప్పేది ఆర్టికల్ 38. దేశాలు చట్టమనుకుని పాటిస్తూ వచ్చిన నడవడిని ఆచారం అంటారు. 1920లో, ఇప్పటిదానికి ముందున్న పాత న్యాయస్థానం స్టాట్యూట్ రాస్తున్నప్పుడు నిపుణుల కమిటీ ముసాయిదాలో "ఈ కింది వరసలో" వర్తింపజేయాలి అన్న మాట ఉండేది. నానాజాతి సమితి దశలో ఆ మాట కొట్టేశారు. ఇప్పటి ఆర్టికల్ 38 ఆ కొట్టేసిన రూపానికి వారసురాలు. కాబట్టి ఏ, బీ, సీ అన్న అక్షరాలు చూసి హోదాలు లెక్కకట్టకండి. తీర్పులూ పండితుల రాతలూ ఉన్న చివరి క్లాజు ఒక్కటే వేరు, దానికి మాత్రం "సహాయక సాధనం" అని అక్కడే రాసి ఉంది. ఒప్పందం, ఆచారం రెండూ అసలు మూలాలే. జడ్జి ముందుగా ఒప్పందం వైపు చెయ్యి చాపడానికి కారణం అది కాగితం మీద ఉండటం. కళ్ళకు కనబడేదాన్ని ముందు చదువుతాం, అంతే.

మరి బరువులో తేడా ఎక్కడుంది? ఇద్దరు ప్రోనోటు రాసుకున్నారనుకోండి. నోటు చూపిస్తే చాలు, అప్పు రుజువైపోతుంది. కానీ సంతకం పెట్టని పక్కింటాయన దగ్గరికి ఆ నోటు పట్టుకెళ్తే ఆయన నవ్వుతాడు. ఇప్పుడు చెరువు కింద ఆయకట్టులో నీళ్ళ వంతు చూడండి. ఆ ఊళ్ళో కొత్తగా పొలం కొన్నవాడు "నేను ఎక్కడా సంతకం పెట్టలేదు, నా వంతు నాకిష్టమొచ్చినప్పుడు పెట్టుకుంటా" అంటే కుదరదు. వంతు అతన్నీ కట్టేస్తుంది. అయితే గొడవ వచ్చినప్పుడు అలాంటి వంతు ఉందని చూపించాల్సింది ఉందన్నవాడే. కాగితం లేదు కాబట్టి అది కష్టం. ఒప్పందం పట్టేది తక్కువమందిని, కానీ రుజువు తేలిక. ఆచారం పట్టేది అందరినీ, కానీ రుజువు గట్టిది కావాలి. ఈ పోలిక ఇంతవరకే, ఇంకా లాగితే తెగుతుంది.

మీరు ఒక కేసు అడిగారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ప్రతి ఏడాదీ మొదట తీసుకున్నది 1969 నాటి ఉత్తర సముద్ర ఖండతీరపు అంచు కేసులే. ఒకవైపు పశ్చిమ జర్మనీ, రెండోవైపు డెన్మార్క్, నెదర్లాండ్స్.

ఖండతీరపు అంచు అంటే తీరం నుంచి సముద్రం అడుగున మునిగి ముందుకు సాగే నేల. అక్కడ చమురు, గ్యాస్ దొరుకుతాయని తెలిశాక 1958లో జెనీవాలో ఒక కన్వెన్షన్ చేసుకున్నారు. అందులో ఆర్టికల్ 6 పక్కపక్క దేశాల హద్దు ఎలా గీయాలో చెబుతుంది. ముందు మాట్లాడుకుని ఒప్పుకోండి. ఒప్పుకోలేకపోతే, ప్రత్యేక పరిస్థితులు వేరే గీతను సమర్థించకపోతే, సమదూర రేఖ గీయండి. అంటే ఆ గీత మీద ఏ బిందువు దగ్గర నిలబడినా రెండు దేశాల తీరాలూ సమాన దూరంలో ఉండాలి. డెన్మార్క్, నెదర్లాండ్స్ దాన్ని రాటిఫై చేశాయి, అంటే సంతకం తర్వాత కట్టుబడతామని లాంఛనంగా ఖరారు చేశాయి. జర్మనీ సంతకం చేసింది, రాటిఫై మాత్రం చేయలేదు. ఆ కన్వెన్షన్ ప్రకారం కట్టుబడాలంటే రాటిఫికేషన్ కావాలి. సంతకం దగ్గరే ఆగిపోయిన దేశం అందులో పార్టీ కాదు.

జర్మనీ ఎందుకు ఆగిందో తెలియాలంటే ఒక చిత్తుకాగితం తీసుకోండి. కాగితం కింది భాగంలో గిన్నె ఆకారంలో, లోపలికి వంగిన ఒక తీరం గీయండి. ఎడమ అంచు నెదర్లాండ్స్, లోపలి గుంట జర్మనీ, కుడి అంచు డెన్మార్క్ అనుకోండి. ఇప్పుడు ఎడమ హద్దు నుంచి ఒకటి, కుడి హద్దు నుంచి ఒకటి సమదూర రేఖలు సముద్రంలోకి సాగదీయండి. గిన్నె అంచులు ముందుకు పొడుచుకు వచ్చాయి కాబట్టి రెండు గీతలూ లోపలికి ఒరుగుతూ, కొంతదూరం వెళ్ళాక కలిసిపోతాయి. జర్మనీకి మిగిలింది ఒక త్రికోణం ముక్క. సముద్రం నడిమి దాకా వెళ్ళే దారే మూసుకుపోయింది. పొలం చుట్టూ పక్కవాళ్ళు గట్లు వేసేస్తే దారి లేకుండా మిగిలిన మడిచెక్కలాగా.

తీరానికి దగ్గర్లో ఉన్న కొంత హద్దును 1964లో నెదర్లాండ్స్‌తో, 1965లో డెన్మార్క్‌తో జర్మనీ ఒప్పుకుంది. ఆ తర్వాతి దూరం మీద పేచీ వచ్చింది. 1967లో ముగ్గురూ కలిసి ప్రత్యేక ఒడంబడికలు చేసుకుని కోర్టుకు వెళ్ళారు. వాళ్ళు హద్దు గీయమని అడగలేదు. ఏ సూత్రాలు, నియమాలు వర్తిస్తాయో చెప్పండి, గీత మేమే గీసుకుంటాం అన్నారు. మన ప్రశ్నకు ఇంతకన్నా సూటిగా సరిపోయే కేసు దొరకదు.

డెన్మార్క్, నెదర్లాండ్స్ వాదన మెట్లుమెట్లుగా సాగింది. మొదటి మెట్టు: జర్మనీ రాటిఫై చేయకపోయినా తన ప్రకటనలతో, నడవడితో ఆ కన్వెన్షన్‌ను ఒప్పుకున్నట్టే. కోర్టు దీన్ని దాదాపు విసుగ్గా పక్కన పెట్టింది. ఒప్పందానికి కట్టుబడటానికి ఒక పద్ధతి రాసిపెట్టి ఉండగా, ఆ పద్ధతి పాటించని దేశం వేరే దారిలో కట్టుబడిందని తేలిగ్గా అనుకోకూడదు, దానికి చాలా స్పష్టమైన, చాలా నిలకడైన నడవడి కావాలి అంది. పోనీ జర్మనీ మాటలు నమ్మి ఈ రెండు దేశాలు ఏమైనా నష్టపోయాయా అంటే, దానికీ సాక్ష్యం లేదు. ఒప్పందం బరువంతా సమ్మతి మీదే నిలుస్తుందని, ఆ సమ్మతిని ఊహించుకోకూడదని ఇక్కడ చదువుకోవాలి.

అసలు వాదన ఆ పై మెట్టులో ఉంది. కన్వెన్షన్‌గా కట్టెయ్యకపోతే పోయె, ఆర్టికల్ 6లోని సమదూర నియమం ఆచార చట్టంగా మారింది, ఆచారం అందరినీ పడుతుంది కాబట్టి జర్మనీనీ పడుతుంది అన్నారు. ఒప్పందంలోని నియమం ఆచారంతో కలిసే దారులు మూడున్నాయి. అప్పటికే ఉన్న ఆచారాన్ని ఒప్పందం కాగితం మీద పెట్టొచ్చు. తయారవుతున్న ఆచారం ఆ ఒప్పందంతో గట్టిపడొచ్చు. లేదా ఒప్పందం వచ్చాక దాన్ని చూసి మిగతా దేశాలూ అదే బాట పట్టి, కొత్త ఆచారం పుట్టొచ్చు.

మొదటి రెండింటినీ కోర్టు ముసాయిదా చరిత్రతో తోసిపుచ్చింది. కన్వెన్షన్ ముసాయిదా రాసిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ ఈ సమదూర పద్ధతిని ప్రతిపాదించినప్పుడు చాలా తటపటాయిస్తూ, కొంత ప్రయోగంలా ప్రతిపాదించింది. ఉన్న చట్టాన్ని రాస్తున్నవాళ్ళు తటపటాయించరు కదా. ఇంకో మాట కూడా ఉంది, నాకు ఈ తీర్పులో ఎక్కువ నచ్చేది అదే. ఆ కన్వెన్షన్‌లో ఆర్టికల్ 12 ప్రకారం మొదటి మూడు ఆర్టికల్స్ మీద రిజర్వేషన్ పెట్టడానికి వీల్లేదు, మిగతావాటి మీద పెట్టుకోవచ్చు. ఇక్కడ రిజర్వేషన్ అంటే "ఒప్పందంలో చేరుతున్నా, కానీ ఈ నియమం నాకు వర్తించదు" అని చేరేటప్పుడే చెప్పడం. ఖండతీరపు అంచు మీద తీరదేశానికి హక్కు ఉందనే అసలు నియమాలు మొదటి మూడింటిలో ఉన్నాయి. అవి అప్పటికే ఆచారంగా రూపుదిద్దుకున్నవి కాబట్టి ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. హద్దు గీసే ఆర్టికల్ 6కి మాత్రం తలుపు తెరిచి ఉంచారు. అందరినీ కట్టే ఆచారమైతే ఎవరికి వారు తప్పుకునే వీలు ఎందుకిస్తారు? ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్న ఆర్టికల్స్‌లో కొన్ని ఆచారం, కొన్ని ఉత్త ఒప్పందం. "కన్వెన్షన్‌లో ఉంది" అన్నంత మాత్రాన ఏమీ తేలదని దీంతో అర్థమవుతుంది.

మిగిలింది మూడో దారి. 1958 తర్వాత అది ఆచారమైందా? దీనికి కోర్టు పెట్టిన పరీక్షే ఇప్పటికీ అందరూ వల్లిస్తారు. మొదట, ఆ నియమానికి సాధారణ చట్టానికి పునాది కాగల స్వభావం ఉండాలి. ఆర్టికల్ 6కి అది బలహీనం. ముందు మాట్లాడుకోమంటుంది, ప్రత్యేక పరిస్థితులుంటే వదిలెయ్యమంటుంది, వద్దనుకుంటే రిజర్వేషన్ పెట్టుకోమంటుంది. ఇన్ని సడలింపులు ఉన్నదాన్ని అందరికీ వర్తించే నియమం అనడం కష్టం. రెండోది, దేశాల ఆచరణ విస్తృతంగా, దాదాపు ఒకేలా ఉండాలి, ఆ విషయంతో నేరుగా సంబంధం ఉన్న దేశాల ఆచరణ అందులో తప్పకుండా ఉండాలి. కాలం తక్కువైనంత మాత్రాన ఆచారం పుట్టదని లేదు, కానీ కాలం తక్కువైన కొద్దీ ఆచరణ అంత చిక్కగా ఉండాలి.

ఆచరణకు సాక్ష్యంగా సమదూర రేఖ వాడిన పదిహేను సందర్భాలు కోర్టు ముందుకు వచ్చాయి. కోర్టు వాటిని ఏరింది. సగానికి పైగా సందర్భాల్లో ఆ దేశాలు కన్వెన్షన్‌లో పార్టీలు, లేదా త్వరలో పార్టీలు కాబోతున్నవి. అవి ఒప్పందం ప్రకారం నడుచుకున్నాయి. నోటు రాసినవాడు అప్పు తీరిస్తే ఊరంతా అప్పు తీర్చాలన్న ఆచారం ఉందని రుజువవుతుందా? కాదు. మిగతావాళ్ళు సమదూర రేఖ వాడింది నిజమే, కానీ వాడక తప్పదనుకుని వాడారా, అది వాళ్ళకు అనుకూలమని వాడారా? చెప్పడానికి ఆధారం లేదు. ఈ "చెయ్యక తప్పదు, ఇది చట్టం" అన్న ఎరుకనే ఒపీనియో జ్యూరిస్ అంటారు. ఎన్నిసార్లు చేశారన్న లెక్క ఒక్కటే దీన్ని రుజువు చెయ్యదు. దేశాధినేత వస్తే ఎర్ర తివాచీ పరుస్తారు, ప్రపంచమంతా పరుస్తుంది, పరచకపోతే చట్టం ఉల్లంఘించారని ఎవరూ అనరు. మర్యాదగా, సంప్రదాయంగా పదేపదే చేసే పనులు చాలానే ఉన్నాయని కోర్టే చెప్పింది. పండగకు చాకలికీ మంగలికీ బట్టలు పెట్టడం వేరు, నీళ్ళ వంతు వేరు.

ఇక్కడో చిత్రం కనబడుతుంది. తర్వాత అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జి అయిన రిచర్డ్ బ్యాక్స్‌టర్ దీన్ని పట్టి చూపించాడు, బ్యాక్స్‌టర్ పారడాక్స్ అంటారు. ఒక ఒప్పందంలో ఎక్కువ దేశాలు చేరే కొద్దీ, ఆ ఒప్పందానికి బయట ఆచారం ఎలా ఉందో చూపించడం కష్టమవుతుంది. చేసేవాళ్ళందరూ ఒప్పందం వల్లే చేస్తున్నామని చెప్పొచ్చు కాబట్టి, బయట మిగిలిన నలుగురి నడవడే సాక్ష్యం. ఒకసారి మూట్ కోర్టులో ఒక కుర్రాడు "ఈ కన్వెన్షన్‌లో ఇన్ని దేశాలు చేరాయి, కాబట్టి ఇది ఆచారం" అని గొంతెత్తి చెప్పాడు. జడ్జి స్థానంలో కూర్చున్నది నేనే. "చేరనివాళ్ళు ఏం చేస్తున్నారు బాబూ?" అని అడిగితే పావు నిమిషం నీళ్ళు నమిలాడు. పాపం ఆ టీమంతా రాత్రంతా మేలుకుని చేరినవాళ్ళ జాబితానే తయారు చేసుకుంది.

1969 ఫిబ్రవరి 20న పదకొండుగురు జడ్జీలు ఒకవైపు, ఆరుగురు రెండోవైపు నిలిచి తీర్పు వచ్చింది. సమదూర పద్ధతి జర్మనీని కట్టదు, న్యాయసమ్మతమైన సూత్రాల మీద, ప్రతి దేశపు నేల సహజంగా సముద్రంలోకి సాగిన తీరును లెక్కలోకి తీసుకుని, చర్చించుకుని ఒప్పందం చేసుకోండి అంది కోర్టు. 1971లో చేసుకున్నారు. జర్మనీకి సముద్రం నడుమ బ్రిటన్ హద్దును తాకే దాకా ఒక సన్నటి పొడుగు పట్టీ దక్కింది. మ్యాపులో చూస్తే బాతు ముక్కులా ఉంటుంది. జర్మన్లు దాన్ని ఎంటెన్‌ష్నాబెల్ అనే పిలుస్తారు, అర్థం బాతు ముక్కే. ఒక నియమం ఆచారమని రుజువు కాకపోతే ఏమవుతుందో చూడాలంటే ఆ ముక్కును చూస్తే చాలు.

అసమ్మతి తెలిపిన జడ్జీలలో లాక్స్, తనాకా రాతలు కూడా చదవండి. సముద్ర గర్భం తవ్వే సాంకేతికత పరుగులు పెడుతున్నప్పుడు ఆచారం కూడా త్వరగా పుడుతుందని, ప్రతి దేశపు మనసులో ఏముందో వేరుగా తవ్వి చూపించమనడం అత్యాశ అని వాళ్ళ వాదన సారం. ఫలితంలో నేను మెజారిటీ వైపే, సాక్ష్యం సరిపోలేదు. కానీ "నేరుగా సంబంధం ఉన్న దేశాలు" అన్న మాట నాకు కొంచెం గుచ్చుకుంటుంది. అంతరిక్షం అయినా అణ్వాయుధాలైనా సంబంధం ఉన్న దేశాలంటే పెద్ద దేశాలే. ఆచారం అందరిదీ అంటాం, తూకం వేసేటప్పుడు కొందరి రాయి బరువెక్కువ.

ఇదంతా చదివి ఆచారం బలహీనమనుకుంటే పొరపాటు. దీనికి రెండో కొస 1986 నికరాగువా కేసు. నికరాగువా రేవుల్లో మందుపాతరలు పెట్టారని, కాంట్రాలనే సాయుధ ముఠాలకు డబ్బు, ఆయుధాలు, శిక్షణ ఇచ్చారని అమెరికా మీద ఆ చిన్న దేశం 1984లో కేసు వేసింది. కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటూ అమెరికా 1946లో ఇచ్చిన ప్రకటనలో ఒక షరతు ఉంది. బహుపక్ష ఒప్పందం కింద వచ్చే వివాదమైతే, దాని వల్ల ప్రభావితమయ్యే పార్టీలన్నీ కేసులో ఉండాలి, లేకపోతే ఆ వివాదం ఆ అంగీకారం కిందికి రాదు. ఎల్ సాల్వడార్ ప్రభావితమవుతుంది, కానీ కేసులో లేదు. దాంతో ఐక్యరాజ్యసమితి చార్టర్ కోర్టు చేతిలోంచి జారిపోయింది. బలప్రయోగం నిషేధించిన ఆ ప్రసిద్ధ ఆర్టికల్ 2(4) ముందే ఉంది, కానీ ముట్టుకోవడానికి లేదు.

కేసు అక్కడితో అయిపోవాలి. అవలేదు. బలప్రయోగం చేయకూడదన్న నియమం చార్టర్‌లో ఉన్నట్టే ఆచారంలోనూ ఉంది, ఒప్పందంలో రాసినంత మాత్రాన ఆచారం దానిలో కరిగిపోదు, రెండూ పక్కపక్కన వేరువేరుగా బతుకుతాయి అంది కోర్టు. ఆ ఆచారం కిందే అమెరికా తప్పు చేసిందని తేల్చింది. అమెరికా అప్పటికే విచారణ నుంచి బయటికి వెళ్ళిపోయింది, ఆ తర్వాత పరిహారమూ ఇవ్వలేదు, అది వేరే కథ. తీర్పు బరువు, తీర్పు అమలు ఒకటి కావు.

"దేశాలు రోజూ బలప్రయోగం చేస్తూనే ఉన్నాయి కదా, ఇంకెక్కడి ఆచారం?" అని మీకు అనుమానం రావాలి. కోర్టు జవాబు బాగుంటుంది. ఉల్లంఘించిన దేశం "అలాంటి నియమమే లేదు" అనకుండా "నేను చేసింది ఆత్మరక్షణ" అని సాకు చెబితే, ఆ సాకే నియమం బతికుందనడానికి సాక్ష్యం. సిగ్నల్ దాటి పట్టుబడినవాడు "అర్జెంటుగా హాస్పిటల్‌కి వెళ్తున్నా" అంటాడు గానీ ఎర్ర లైటుకు అర్థం లేదనడు.

రెండు నియమాల్లో మాట ఒకటే అయినా వేరుగా ఉండటం వల్ల పనిలో ఏం తేడా వస్తుంది? ఒప్పందంలో అవతలి పక్షం పెద్ద తప్పు చేస్తే, నువ్వూ దాన్ని ఆపివేయడానికి లేదా రద్దు చేసుకోవడానికి వీలుండొచ్చు. ఒప్పందం పోయినా ఆచారం నిన్ను వదలదు. ఒప్పందం తెచ్చే యంత్రాంగం కూడా ఆచారంలో ఉండదు. ఆత్మరక్షణ వాడుకున్న దేశం భద్రతామండలికి వెంటనే తెలియజేయాలని చార్టర్ చెబుతుంది. ఆచారంలో అలాంటి రిపోర్టింగ్ షరతు లేదని కోర్టు ఒప్పుకుంది. అయినా తెలియజేయకపోవడాన్ని, ఆ దేశం తనది ఆత్మరక్షణ అని తానే నమ్మిందా లేదా అన్నదానికి ఆనవాలుగా చూసింది. బయటికి పోయే దారి కూడా అంతే. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఆర్టికల్ 10 ప్రకారం మూడు నెలల నోటీసిస్తే తప్పుకోవచ్చు, 2003లో ఉత్తర కొరియా తప్పుకుంటున్నానని ప్రకటించింది కూడా. ఆచారానికి నోటీసు పంపే చిరునామా లేదు. పుడుతున్నప్పటి నుంచీ ఆపకుండా అభ్యంతరం చెబుతూ వచ్చిన దేశానికి మాత్రం మినహాయింపు ఉంటుందంటారు, గట్టిపడ్డాక మేలుకుంటే లాభం లేదు.

ఢీకొంటే ఏది నిలుస్తుందన్నది ఒక్క మాటలో చెప్పి వదిలేస్తా. మామూలు ఆచారాన్ని ఇద్దరు తమ మధ్య ఒప్పందంతో పక్కన పెట్టుకోవచ్చు, ప్రత్యేక నియమం సాధారణ నియమాన్ని తప్పిస్తుంది. జాతిహత్య నిషేధం లాంటి తిరుగులేని నియమాలను, జస్ కోజెన్స్ అంటారే వాటిని, ఏ ఒప్పందమూ పక్కన పెట్టలేదు. పెడితే ఆ ఒప్పందమే చెల్లదు.

మీరు లా చదువుతున్నారు కాబట్టి ఇండియాలో ఈ బరువులు ఎలా మారతాయో కూడా చూడాలి. ఇక్కడ తక్కెడ దాదాపు తిరగబడుతుంది. మన దేశం ఒప్పందం మీద సంతకం పెట్టి రాటిఫై చేసినా, పార్లమెంటు రాజ్యాంగం ఆర్టికల్ 253 కింద చట్టం చేయకపోతే దాన్ని పట్టుకుని కోర్టులో హక్కు అడగడం కష్టం. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ మాటే చెప్పి, అయినా మన చట్టాన్ని ఆ ఒప్పందానికి అనుగుణంగా చదివి, అప్పు కట్టలేని పేదవాణ్ణి జైల్లో పెట్టకూడదన్నారు. ఆచారం మాత్రం మన చట్టానికి విరుద్ధం కానంతవరకు నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది. 1996లో వెల్లూర్ తోళ్ళ పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని, అంటే పర్యావరణానికి హాని ఖాయమని తేలేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలన్నదాన్ని, అలాగే లోపలికి తెచ్చింది. 1999లో హైదరాబాద్ తాగునీటి చెరువులు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు నూనె పరిశ్రమ పెట్టాలన్న కేసులో జస్టిస్ జగన్నాధరావు దాన్నే విస్తరించి, హాని లేదని చూపించాల్సిన భారం పరిశ్రమ మీద పెట్టారు.

చెరువులకు మంచే జరిగింది. కానీ పరీక్షలో రాయాల్సింది ఇంకోటుంది. ఉత్తర సముద్రం కేసులో పదిహేను సందర్భాలను ఒక్కొక్కటిగా ఏరి "సరిపోదు" అన్న కోర్టు ముందు ఈ సూత్రాన్ని పెట్టి ఉంటే, దేశాల ఆచరణ ఏది, చెయ్యక తప్పదన్న ఎరుక ఏది అని అడిగేది. మన తీర్పుల్లో ఆ లెక్క చాలా పల్చగా ఉంది. దేశీయ కోర్టు ఆచారమన్నంత మాత్రాన అంతర్జాతీయ స్థాయిలో అది తేలిపోయినట్టు కాదు. ఇలా రాస్తే మార్కులు పోతాయేమోనని టెన్షన్ పడకండి, చదివి రాసినట్టే ఉంటుంది.

చివరగా, మీకు ఒప్పందమూ ఆచారమూ ఒకే వాక్యంలో కలిసిన చోటు చూపిస్తా. ఒప్పందాల చట్టం మీద 1969 వియన్నా కన్వెన్షన్‌లో ఇండియా పార్టీ కాదు. 2011 జులైలో రామ్ జెఠ్మలానీ కేసు జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ముందుకు వచ్చింది. లీక్టెన్‌స్టైన్ బ్యాంకులో ఖాతాలున్న భారతీయుల పేర్లు మనకు జర్మనీ నుంచి అందాయి. జర్మనీతో ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందంలో గోప్యత క్లాజు ఉంది కాబట్టి బయటపెట్టలేమని ప్రభుత్వం అంది. కోర్టు ఆ ఒప్పందం పాఠాన్ని ముందు పెట్టుకుంది, దాన్ని ఎలా చదవాలన్న నియమం కోసం మాత్రం వియన్నా కన్వెన్షన్ ఆర్టికల్ 31 తీసుకుంది. మనం అందులో పార్టీ కాదు, అయినా అందులోని సూత్రాలు చాలావరకు ఆచారమే కాబట్టి అవి మనకు దారి చూపిస్తాయంది. మాటలకున్న మామూలు అర్థంతో చదివి, లీక్టెన్‌స్టైన్ ఖాతాల సమాచారం జర్మనీతో ఉన్న ఆ ఒప్పందం కిందికి రాదని తేల్చింది. ఉన్న ఒప్పందం అర్థాన్ని, మనం చేరని ఒప్పందంలోంచి ఆచారంగా వచ్చిన నియమంతో తేల్చారు. తీర్పులో ఆ పేరాలు కొన్నే ఉంటాయి. ఉత్తర సముద్రం తీర్పులో 70 నుంచి 78 దాకా ఉన్న పేరాలు పక్కన పెట్టుకుని వాటిని చదవండి.